మూడుసార్లు సవరించుకున్న మాట

1948 జనవరి 30, శుక్రవారం. సాయంత్రం ఐదు దాటి పావుగంట అయిందో లేదో, ఢిల్లీ బిర్లా హౌస్ తోటలో ప్రార్థనకు నడిచి వెళ్తున్న గాంధీ మీద తుపాకీ పేలింది. ఆ రాత్రే ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ ఆలిండియా రేడియోలో దేశంతో మాట్లాడారు. ముందుగా రాసుకున్న ప్రసంగం కాదది. ఇంగ్లిష్‌లో ఆయన మాట్లాడింది కొద్ది నిమిషాలే. మన జీవితాల్లోంచి వెలుగు వెళ్లిపోయింది, అంతటా చీకటే ఉంది, మీకేం చెప్పాలో ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు అని మొదలుపెట్టారు.

ఆ మొదటి మాట దేశంలో చాలామందికి గుర్తుంది. ఆ తర్వాత ఆయన ఏం చేశారో గుర్తున్నవాళ్లు తక్కువ. అది తెలియాలంటే ప్రసంగాన్ని ఇంకోలా చదవాలి. అలా చదివే పద్ధతికి విశ్వవిద్యాలయాల్లో ఉన్న పేరు డిస్కోర్స్ అనాలిసిస్. మనిషి ఏ విషయం గురించి మాట్లాడాడన్నది దానికి సరిపోదు. ఆ మాటతో ఏ పని చేశాడు, దాన్ని అలాగే ఎందుకు అన్నాడు, వేరేలా అనే వీలుండీ ఎందుకు అనలేదు అని అడుగుతుంది. దీనితో తరచూ కలగలిసిపోయే పద్ధతి మరొకటుంది, థీమాటిక్ అనాలిసిస్. పీహెచ్‌డీ చేసే పిల్లలు మొదటి సంవత్సరంలో ఈ రెంటికీ తేడా ఏమిటని తల పట్టుకోవడం మామూలే. నెహ్రూ ప్రసంగాన్ని రెండు రకాలుగానూ చదివి చూస్తే తేడా దానంతట అదే బయటపడుతుంది.

ముందు థీమాటిక్ పద్ధతి. ఇప్పుడు ఎక్కువమంది అనుసరించేది వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో రాసిన వ్యాసంలోని ఆరు దశల దారి. పాఠాన్ని రెండు మూడుసార్లు చదివి వంటబట్టించుకోవాలి. ప్రతి వాక్యం పక్కన అది దేని గురించో చెప్పే చిన్న గుర్తు రాసుకోవాలి. దాన్ని కోడ్ అంటారు. ఒకేలాంటి కోడ్‌లను ఒక కుప్పగా చేర్చి, ఆ కుప్ప నిజంగా నిలుస్తుందో లేదో మళ్లీ పాఠంతో సరిచూసి, దానికి పేరు పెట్టి, చివరికి నివేదిక రాయాలి. అలా నిలిచిన కుప్పే థీమ్.

నెహ్రూ ప్రసంగం మీద ఈ పని చేస్తే ఇంచుమించు నాలుగు కుప్పలు తేలతాయి. వెలుగు, చీకటి, బాపు లేని లోటు లాంటి వాక్యాలన్నీ కలిపి దుఃఖం. వెయ్యేళ్ల తర్వాత కూడా ఆ వెలుగు కనిపిస్తుందన్న భాగం గాంధీ వారసత్వం. హంతకుడు, దేశంలో వ్యాపించిన విషం, ఎవరూ కోపంతో అదుపు తప్పకూడదన్న హెచ్చరిక కలిసి హింస, సంయమనం. ఇక చివర్లో అంతిమయాత్ర ఏర్పాట్లు. లెక్క సరిపోయింది, తప్పు పట్టడానికేం లేదు. ఆ వారంలో దేశమంతా వెలువడిన వందల సంతాప ప్రసంగాలు ముందుంటే, వాటన్నిటిలో ఏ విషయాలు పదేపదే వచ్చాయో చెప్పడానికి ఈ పద్ధతికి మించినది లేదు.

అయితే కుప్పలు వేసేటప్పుడు ఒకటి జరుగుతుంది. వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో, దాని ముందు ఏముందో, వెనక ఏముందో పక్కకు పోతుంది. డిస్కోర్స్ పద్ధతి పట్టుకునేది సరిగ్గా దాన్నే.

ఈ పద్ధతిలో పనిచేసేవాళ్లు అచ్చులో ఉన్న పాఠంతో ఆగకుండా, దొరికితే రికార్డింగ్ కూడా వింటారు. అచ్చువేసేవాళ్లు తడబాట్లను సరిచేస్తారు, విరామాలను కామాలుగా మారుస్తారు. ముందే రాసుకోని ప్రసంగంలో ఆ తడబాట్లే ముఖ్యం కావచ్చు. తర్వాత సందర్భం రాసుకుంటారు: ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ మాధ్యమంలో మాట్లాడారు, అప్పటికి వినేవాళ్లకు ఏం తెలుసు. ఆ పైన ఒక్కో వాక్యాన్నీ వరస తప్పకుండా పట్టుకుని వెళ్తారు.

అలా వెళ్తే నెహ్రూ ప్రసంగంలో మొదటి నిమిషంలోనే ఒక వింత కనిపిస్తుంది. మన ప్రియతమ నాయకుడు, బాపు, జాతిపిత ఇక లేరు అంటారాయన. వెంటనే, బహుశా అలా అనడం నా తప్పేమో అంటారు. కొద్దిసేపటికి, వెలుగు వెళ్లిపోయింది అన్నాను గానీ అది పొరపాటు, ఎందుకంటే అది మామూలు వెలుగు కాదు అంటారు. ఇంకాసేపటికి, ఒక పిచ్చివాడు ఆయన ప్రాణం తీశాడు, ఆ పని చేసినవాణ్ణి పిచ్చివాడనే అనగలను అంటారు. ఆ వాక్యం అక్కడ ముగియదు. అయినా, కొన్నేళ్లుగా కొన్ని నెలలుగా ఈ దేశంలో కావలసినంత విషం వ్యాపించింది, అది జనం మనసుల మీద పనిచేసింది అంటూ సాగుతుంది.

మూడుసార్లూ ఒకే కదలిక. ఒక మాట అనడం, ఆ మాటను అక్కడే సవరించుకోవడం.

థీమాటిక్ కుప్పల్లో మొదటిది దుఃఖం కిందికీ, రెండోది వారసత్వం కిందికీ, మూడోది హింస కిందికీ వెళ్లిపోతాయి. మూడూ వేర్వేరు గదుల్లో పడ్డాక అవి ఒకే అచ్చులోంచి వచ్చాయని ఎవరికీ కనిపించదు. వరసలో చదివితే మాత్రం మూడో సవరణకు మొదటి రెండూ దారి వేశాయని తెలుస్తుంది. తన మాటను తానే దిద్దుకుంటున్న మనిషి గొంతుకు శ్రోత అప్పటికే అలవాటుపడ్డాడు. అందుకే పిచ్చివాడు అన్నాక వచ్చిన 'అయినా' చెవికి కొత్తగా తగలదు. చెప్పడానికి కష్టమైన సంగతి ఆ అలవాటు వెనకే లోపలికి వస్తుంది: ఈ హత్య ఒక్క మనిషి పిచ్చితో పోయేది కాదు, మనందరి మధ్యా ఏదో జరిగింది.

ఇక పేర్లు. వియన్నాలో రూత్ వోడాక్ బృందం 1986 నాటి వాల్డ్‌హైమ్ అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో యూదు వ్యతిరేకత ఏ మాటల చాటున వచ్చిందో వెతుకుతూ ఒక పద్ధతిని రూపొందించింది. అందులో మొదటి ప్రశ్న చాలా సాదాగా ఉంటుంది: మనుషుల్ని ఏ పేరుతో పిలిచారు? రెండోది: వాళ్లకు ఏ గుణాలు అంటగట్టారు? నెహ్రూ ప్రసంగంలో గాంధీకి పేర్లు చాలా ఉన్నాయి. హంతకుడికి ఉన్నది ఒక్కటే, 'మ్యాడ్‌మన్'. సొంత పేరు లేదు, ఊరు లేదు, మతం లేదు.

ఆ మతం సంగతికి ఆ రోజున ఉన్న బరువు వేరు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరలేదు. బిర్లా హౌస్ దగ్గర గుంపులో ఎవరో ముస్లిం చంపాడని అరిస్తే, అక్కడికి చేరుకున్న మౌంట్‌బాటన్ వెంటనే, చంపింది హిందువని అందరికీ తెలుసు కదా అని గద్దించాడని, నిజానికి అప్పటికి ఆయనకూ తెలియదని చెబుతారు. రేడియో వార్త కూడా హంతకుడు హిందువన్న మాటను కలిపే ప్రసారం చేసింది. అంటే ఒకే సాయంత్రం ఒకే మనిషికి ప్రభుత్వం వైపునుంచి రెండు పేర్లు వచ్చాయి. వార్తలో 'హిందువు' అన్నది ముస్లింల ఇళ్ల మీద పడబోయే గుంపును ఆపడానికి పనికొచ్చింది. ప్రధాని నోట 'పిచ్చివాడు' అన్నది ఆ మనిషిని ఏ సమూహానికీ ప్రతినిధి కాకుండా ఒంటరిని చేసింది. ఈ రెండింటిలో ఏది నిజం అన్నది విశ్లేషకుడి ప్రశ్న కాదు. ఏ పేరు ఏ తలుపు మూసింది, దేన్ని తెరిచి ఉంచింది అన్నదే అతని పని.

ఆ పిచ్చి అన్న మాట అక్కడితో పోదు కూడా. ఈ ప్రమాదాలను మనం ఎదుర్కోవాలి, అయితే 'మ్యాడ్లీ ఆర్ బ్యాడ్లీ' కాకుండా మన గురువు నేర్పినట్టు ఎదుర్కోవాలి అంటారు నెహ్రూ. పిచ్చిగా కాదు అని. హంతకుడికి పెట్టిన పేరే రెండు వాక్యాలు దాటేసరికి శ్రోతకు హెచ్చరికగా తిరిగి వచ్చింది. పగతో వీధిలోకి దిగితే నువ్వూ ఆ మనిషి పక్కన చేరతావు అన్న అర్థం ఆ ఒక్క మాట పునరుక్తిలో ఉంది. విడిగా ఎక్కడా అలా చెప్పలేదాయన. తెలుగులోకి తెచ్చేవాళ్లు మొదటిచోట 'ఉన్మాది' అనీ రెండోచోట 'ఆవేశపడకుండా' అనీ రాస్తే ఈ ముడి తెగిపోతుంది. విషయం అంతా వచ్చినట్టే ఉంటుంది, జరిగిన పని మాత్రం రాదు.

విషం దగ్గర మరో సంగతి. ఆ మాట నాలుగుసార్లు వస్తుంది. వ్యాపించిన విషం, మనసుల మీద పనిచేసిన విషం, ఎదుర్కోవలసిన విషం, పెకిలించవలసిన విషం. ఎదుర్కోవలసిందీ పెకిలించవలసిందీ ఎవరంటే 'మనం'. మరి వ్యాపింపజేసింది ఎవరు? ఆ వాక్యంలో కర్త లేడు. ఇంగ్లిష్‌లో కర్మణి ప్రయోగం ఈ వెసులుబాటు ఇస్తుంది. తెలుగులో కర్మణి మాటల్లో పెద్దగా వాడం గానీ మన వెసులుబాట్లు మనకున్నాయి. 'తప్పు చేశాం' అనాల్సినచోట 'తప్పు జరిగింది' అంటాం. అదేదో వానలా తనంతట తాను పడిపోయినట్టు. నాయకులే కాదు, నీళ్ల బిల్లు తప్పుగా వేసిన గుమాస్తా కూడా అలాగే అంటాడు.

కర్త కనబడకపోతే దాచేశారని తీర్పు చెప్పడం ఈ రంగంలో కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. చెప్పాల్సిన అవసరం లేక కూడా కర్తను వదిలేస్తాం. ఇంగ్లండ్‌కు చెందిన మైకేల్ బిల్లిగ్ 2008లో ఒక వ్యాసంలో, నాయకులు కర్తల్ని మాయం చేస్తున్నారని గోల పెట్టే పండితులు తమ సొంత వాక్యాల్లో అదే పని చేస్తున్నారని చూపించి బాగానే నవ్వించాడు. అందుకే మంచి విశ్లేషణ ఖాళీని చూపించి ఊరుకోదు. ఆ చోట ఇంకేం అనడానికి వీలుండేదో పెట్టి చూస్తుంది. నెహ్రూ ఆ రాత్రి ఫలానా సంస్థ విషం చిమ్మింది అనవచ్చు. మనమంతా చిమ్మాం అని కూడా అనవచ్చు. మొదటిది అంటే ఆ సంస్థ వాళ్ల మీద దాడులకు పిలుపులా వినిపించేది. రెండోది అంటే శరణార్థి శిబిరంలో ఉన్నవాడు ఒప్పుకునేవాడు కాదు. కర్త లేని వాక్యం ఈ రెంటి మధ్యా నడిచింది. ఇది ఆయన మనసులో ఉన్న ఎత్తుగడ అని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. వాక్యం ఏం చేసిందో పాఠంలో కనిపిస్తుంది, మనిషి ఏం అనుకున్నాడో కనిపించదు. ఈ గీత దాటిన విశ్లేషణను నమ్మనక్కర్లేదు.

తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటి ఈ రంగంలో బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ 'వి' అనే మాట వినేవాణ్ణి కలుపుకుంటుందా లేదా అన్నది ఆ మాటలో తెలియదు. మనకు మనం, మేము అని రెండున్నాయి. నెహ్రూ ప్రసంగంలో ప్రతి 'వి' దగ్గరా ఆగి ఇది మనమా మేమా అని అడిగితే చాలు, తీగ కదులుతుంది. మేము బాపు అని పిలుచుకున్న ఆయన అనాలా, మనం అనాలా? సలహా కోసం ఇక ఆయన దగ్గరికి పరుగెత్తలేం అన్నచోట నిజంగా పరుగెత్తినవాళ్లు నెహ్రూ, పటేల్ లాంటి కొద్దిమంది. అది మేము. కానీ అదే వాక్యం ముగిసేలోపు ఈ దెబ్బ నా ఒక్కడికే కాదు, ఈ దేశంలో కోట్లమందికి అంటారు. మేముగా బయల్దేరిన మాట మనంగా తేలింది. ఆ తర్వాత వచ్చే 'ఎదుర్కోవాలి', 'పెకిలించాలి', 'కలిసి ఉండాలి' అన్నిటికీ కర్త ఆ పెద్ద మనమే. దుఃఖంలో పోగైన సమూహానికి తర్వాత బాధ్యత అప్పగించారు. వరస తిరగేసి ముందు ఆజ్ఞలూ తర్వాత కన్నీళ్లూ పెడితే ఇది జరిగేది కాదు.

ఇదే ప్రశ్నను మన రాజకీయాల దగ్గరికి తెస్తే రెండు పద్ధతుల తేడా ఇంకా తేటపడుతుంది. 1982లో తెలుగుదేశం పెట్టిన ఎన్టీ రామారావు సభల్లో మోగిన మాట ఆత్మగౌరవం. తర్వాతి దశాబ్దాల్లో తెలంగాణ ఉద్యమ సభల్లో మోగిన మాటల్లోనూ ఆత్మగౌరవం ఉంది. థీమాటిక్ పట్టికలో రెండూ ఒకే గడిలో పడతాయి. కానీ మొదటిదానిలో 'మనం' అంటే తెలుగువాళ్లంతా, ఎదుటివైపు ఢిల్లీ. రెండోదానిలో 'మనం' తెలంగాణ ప్రజలు, ఎదుటివైపు ఆంధ్ర పాలకులు. మాట అదే, దాని చుట్టూ గీసిన సరిహద్దు వేరు. మొదటి 'మనం'లోంచి కొందరిని 'వాళ్లు'గా విడదీయడమే రెండోది చేసిన పని. గడిలో వేసినవాడు ఇక్కడ పోలిక చూస్తాడు, సరిహద్దు చూసినవాడు తెగతెంపులు చూస్తాడు.

నెహ్రూ ప్రసంగంలో చివరి భాగాన్ని కుప్పలు వేసేవాళ్లు సాధారణంగా పక్కన పడేస్తారు. భౌతికకాయాన్ని కొన్నాళ్లు పాడవకుండా ఉంచాలని కొందరు మిత్రులు అన్నారు, అది బాపు కోరికకు విరుద్ధం, అందుకే శనివారమే దహనం. పదకొండున్నర ప్రాంతంలో బిర్లా హౌస్ నుంచి యాత్ర బయల్దేరుతుంది, నాలుగింటికి యమున ఒడ్డున దహనం. జనం బిర్లా హౌస్‌కు ఎక్కువగా రాకుండా దారికి రెండువైపులా నిలబడాలి, మౌనంగా ఉండాలి. ఢిల్లీ బయట ఉన్నవాళ్లు ఉపవాసం ఉండి, అదే వేళకు నదికో సముద్రానికో వెళ్లి ప్రార్థన చెయ్యాలి.

ఇందులో 'ఇతివృత్తం' ఏమీ లేదు. గొంతు మాత్రం మారింది. ఏం చెప్పాలో తెలియడం లేదన్న మనిషి కొద్ది నిమిషాలకే వేళలు, దారులు చెబుతున్నాడు. దుఃఖించే కొడుకు గొంతులోంచి ప్రధానమంత్రి గొంతు వచ్చింది. నలుమూలలా ఉన్న కోట్లమందికి మర్నాడు సాయంత్రం నాలుగింటికి చేతిలో ఒక పని పెట్టింది. కోపంతో వీధిలో నిలబడాల్సిన గుంపును మౌనంగా దారి పక్కన, నీటి ఒడ్డున నిలబెట్టింది. కోపంతో అదుపు తప్పొద్దు అని ముందు చెప్పిన మాటకు ఇది ఆచరణ భాగం.

అలాగని ఆ మాటలు హింసను ఆపాయని ఈ పద్ధతి చెప్పలేదు. గాంధీ హత్య తర్వాత మహారాష్ట్రలో చిత్పావన బ్రాహ్మణుల మీద దాడులు జరిగాయి, ఎందుకంటే హంతకుడు గాడ్సే ఆ కులంవాడు. ప్రసంగం ఏ ఊళ్లో ఎవరిని ఆపింది, ఎవరిని ఆపలేదు అన్నది తెలియాలంటే పోలీసు నివేదికలు, పత్రికలు, అప్పటివాళ్ల జ్ఞాపకాలు కావాలి. ప్రసంగ పాఠాన్ని ఎంత పిండినా అది రాదు.

ఈ రంగంలో నాసిరకం పనిని ఎలా పట్టుకోవాలో కూడా ఈ రంగంవాళ్లే చెప్పారు. 2003లో చార్లెస్ అంటాకీ, బిల్లిగ్, మరో ఇద్దరు కలిసి, విశ్లేషణ అని పిలుస్తూ విశ్లేషణ చేయని తీరులు ఆరింటిని ఏకరువు పెట్టారు. ప్రసంగంలోని ముక్కలు ఎత్తిరాసి వాటి సారాంశం చెప్పడం ఒకటి. నాయకుడు నచ్చాడనో నచ్చలేదనో ఒక పక్క చేరిపోవడం ఒకటి. ఇక్కడ రూపకం ఉంది, ఇక్కడ సర్వనామం ఉంది అని వేలు పెట్టి చూపి, అది అక్కడ ఏం చేస్తోందో చెప్పకపోవడం మరొకటి. పత్రికల్లో వచ్చే 'నాయకుడు నేను అని ఎన్నిసార్లు అన్నారంటే' లాంటి లెక్కలు ఎక్కువగా ఈ చివరి రకానివే. నేను ఓడిపోయాను అన్నవాడూ నేను గెలిపించాను అన్నవాడూ ఆ లెక్కలో ఒక్కటే.

హెన్రీ విడ్డోసన్ అనే భాషావేత్త ఇంకా గట్టి అభ్యంతరం చెప్పాడు. ముందే మనసులో పెట్టుకున్న అర్థానికి సరిపడే వాక్యాలను ఏరుకుంటారు, తర్వాత అదే పాఠంలో దొరికిందంటారు అని. ఆ మాటకు జవాబు మరిన్ని వాదనల్లో దొరకదు. మిగతా పాఠాలతో పక్కపక్కన పెట్టి చూడటంలో దొరుకుతుంది. ఒక మాట ఈ ప్రసంగంలో ఇలా ఉంది, మరో నోట మరో సందర్భంలో ఎలా ఉంది అని.

నెహ్రూ ప్రసంగంలోని విషానికి అలాంటి రెండో పాఠం ఉంది. హత్య జరిగిన ఐదో రోజు, ఫిబ్రవరి 4న, కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌ను నిషేధించింది. నిషేధం ఎత్తేయమని కోరుతున్న ఆ సంస్థ అధినేత గోల్వాల్కర్‌కు హోంమంత్రి వల్లభ్‌భాయ్ పటేల్ సెప్టెంబర్ 11న ఒక ఉత్తరం రాశారు. అందులోనూ విషం అన్న మాటే వస్తుంది. అయితే అక్కడ అది సంఘ్ ప్రసంగాల నిండా ఉన్న మతతత్వ విషం, ఆ విషం ఫలితంగానే దేశం గాంధీజీని పోగొట్టుకుంది అని ఆయన అంటారు. జనవరి 30 రాత్రి కర్త లేకుండా వదిలిన వాక్యంలో సెప్టెంబర్ నాటికి కర్త చేరాడు. సంఘ్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. 1949 జులైలో నిషేధం ఎత్తేశారు. ఎవరి మాట నిజమన్నది కమిషన్లూ చరిత్రకారులూ తేల్చవలసింది. విశ్లేషకుడి బల్ల మీద మాత్రం రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి దేశమంతా వింటుండగా చెప్పింది, రెండోది ఒక్క మనిషికి రాసింది.